ఫొటో అప్‌లోడ్ చేసే ముందు: ప్లాట్‌ఫామ్‌కి ఏ హక్కులు రాసిస్తున్నారో చదువుకోవడం ఎలా

ఉప్పాడ ఒడ్డున తెల్లవారుజామున తీసిన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. పడవలోంచి దించిన వల ఇసుక మీద పరిచి ఉంటుంది. దాని చివర ఒక పెద్దాయన కూర్చుని తెగిన వల కన్నులు కుడుతుంటాడు. ఆయన్ని అడిగే తీశాను. దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన రోజే మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, అందులో పెడితే ఇక ఆ ఫొటో వాళ్లదే అయిపోతుందట కదా, తీసెయ్యరా" అంది. అదే వారం ఇంకో స్నేహితుడు దీనికి సరిగ్గా ఎదురుమాట చెప్పాడు. "నువ్వు తీసిన ఫొటో నీదే, నిన్ను అడగకుండా ఎవరూ ముట్టుకోలేరు" అన్నాడు. ఇద్దరూ నా మంచి కోరి చెప్పినవాళ్లే, కానీ రెండు మాటలూ తప్పే. అసలు సంగతి ప్లాట్‌ఫామ్ షరతుల్లో ఒకే ఒక్క పేరాలో ఉంటుంది. ఆ పేరాని వెతికి పట్టుకుని, అర్థం చేసుకుని, దాన్నిబట్టి అప్‌లోడ్ చేయాలో వద్దో తేల్చుకునే పద్ధతి ఇక్కడ చెబుతాను. ఉదాహరణకి నా ఉప్పాడ ఫొటోనే తీసుకుందాం.

ముందు ఆ పేరాని పట్టుకోండి

షరతులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. ప్లాట్‌ఫామ్ పేరు పక్కన `terms` అని టైప్ చేసి వెతికితే వాళ్ల అసలు పేజీ వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో తెరిచి `Ctrl+F` నొక్కి `licen` అని మాత్రమే కొట్టండి. పూర్తి మాట కొట్టకండి. అమెరికా స్పెల్లింగ్ `license`, బ్రిటిష్ స్పెల్లింగ్ `licence`. ఏ పేజీ ఏది వాడుతుందో ముందుగా తెలియదు కాబట్టి రెండింటికీ ఉమ్మడిగా ఉన్న అయిదు అక్షరాలు చాలు. ఒక స్పెల్లింగే కొట్టి, ఏమీ దొరకక, "వీళ్లు లైసెన్స్ ఏమీ అడగట్లేదు" అనుకుని నిశ్చింతగా ఉండిపోవడం తేలిక. ఫోన్‌లో అయితే బ్రౌజర్ మెనూలో `Find in page` అని ఉంటుంది, అదే పని చేస్తుంది.

దొరికిన చోట్లలో `you grant` అనే మాట ఎక్కడుందో చూడండి. "మీరు ఇస్తున్నారు" అని దాని అర్థం. మీరు ఇచ్చే హక్కులన్నీ ఆ వాక్యం వెనకాలే వరసగా ఉంటాయి. పేజీ పైనో కిందో ఆ షరతులు ఎప్పటి నుంచి అమల్లో ఉన్నాయో తేదీ ఉంటుంది. ఆ తేదీ కనబడేలా పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. షరతులు మారుతుంటాయి. రేపు ఏదైనా గొడవ వస్తే మీరు అప్‌లోడ్ చేసిన రోజున ఏం రాసి ఉందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

యాజమాన్యం వేరు, లైసెన్స్ వేరు

ఇన్‌స్టాగ్రామ్ షరతుల్లో ఈ పేరా మొదట్లోనే, మీ ఫొటోల మీద యాజమాన్యం మాది అని మేం అనడం లేదు అని స్పష్టంగా ఉంటుంది. యూట్యూబ్, ఎక్స్ కూడా ఇదే చెబుతాయి. అక్క భయం ఇక్కడితో తీరిపోతుంది. మీ ఫొటోని ఒక పొలం అనుకోండి, దాని పట్టా మీ పేరు మీదే ఉంది. అయితే ఆ పొలంలోంచి నడిచే బాట హక్కు మాత్రం ఇంకొకరికి రాసిచ్చారు. ఆ బాట వెడల్పు ఎంత, ఎన్నాళ్లు నడవచ్చు, వాళ్ల వెంట ఎవరెవరు రావచ్చు అన్నది తర్వాతి వాక్యాల్లో తేలుతుంది.

ఇన్‌స్టాగ్రామ్ పేరాలో లైసెన్స్‌కి ముందు అయిదు విశేషణాలు వరసగా ఉంటాయి. ఇంచుమించు ఇవే మాటలు పెద్ద ప్లాట్‌ఫామ్‌లన్నిటిలోనూ కనబడతాయి.

`non-exclusive` అంటే ఈ హక్కు వాళ్లొక్కరికే కాదు. ఇది మీకు మేలు చేసే మాట. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఉప్పాడ ఫొటోని నేను ఒక పత్రికకి అమ్ముకోవచ్చు, కేలండర్‌కి ఇవ్వచ్చు. దీని బదులు ఎక్కడైనా `exclusive` అని కనబడితే అక్కడే ఆగండి. అలా రాసిస్తే మీ ఫొటోని మీరే ఇంకొకచోట వాడుకోలేకపోవచ్చు.

`royalty-free` అంటే వాళ్లు వాడుకున్నందుకు మీకు పైసా ఇవ్వక్కర్లేదు. యూట్యూబ్ దీన్ని ఇంకా విడమరిచి చెబుతుంది. మీ వీడియో మీద ప్రకటనలు వేసుకునే హక్కు మీరు మాకు ఇస్తున్నారు, అంతమాత్రాన మీకు డబ్బు వస్తుందని కాదు అని దాని షరతుల్లో ఉంది. అందుకే ఇంకా మానిటైజ్ కాని చిన్న ఛానెల్ వీడియోల మీద కూడా ప్రకటనలు కనబడతాయి. "నేను ఆన్ చేయలేదు కదా, ప్రకటన ఎలా వచ్చింది" అని చాలామంది కంగారు పడతారు. జవాబు ఈ వాక్యంలోనే ఉంది.

`worldwide` అంటే ప్రపంచమంతటా. దీని గురించి ఆలోచించాల్సింది పెద్దగా లేదు. `transferable` అంటే ఆ కంపెనీని రేపు ఇంకొకరు కొంటే మీ లైసెన్స్ కూడా వాళ్ల చేతికి వెళ్తుంది. మిగిలింది `sub-licensable`, అంటే మీరు ఇచ్చిన హక్కుని వాళ్లు మూడోవాళ్లకి ఇవ్వగలగడం. అయిదింటిలో కాస్త ఆగి చూడాల్సింది ఇదే. దాని సంగతి కిందికి వెళ్లాక చెబుతాను.

ఆ తర్వాత క్రియలు వస్తాయి: కాపీ చేయడం, మార్చడం, ప్రదర్శించడం, అనువదించడం, `derivative works` అంటే దాని ఆధారంగా కొత్తవి తయారు చేయడం. చదవగానే టెన్షన్ పుట్టించే మాటలివి. కానీ వీటిలో చాలావరకు లేకపోతే సైట్ నడవదు. నా ఫొటో ఫీడ్‌లో ఒక సైజులో, ప్రొఫైల్‌లో చిన్న బొమ్మగా, కంప్యూటర్‌లో ఇంకో సైజులో కనబడాలంటే దాన్ని కత్తిరించాలి, కుదించాలి, వేర్వేరు సర్వర్లలో కాపీలు పెట్టాలి. చట్టం దృష్టిలో అవన్నీ కాపీలూ మార్పులే. అందుకని ఏయే క్రియలున్నాయని చూసి బెంబేలు పడకండి. అవి ఎందుకోసం అన్నది చూడండి.

ఎందుకోసం అన్న మాటని గీత గీసి చదవండి

ఒక్క వాక్యమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవమంటాను. బాట వెడల్పు తేలేది ఇక్కడే. మూడు ప్లాట్‌ఫామ్‌లని పక్కపక్కన పెట్టి చూద్దాం.

వాట్సాప్ షరతుల్లో కూడా లైసెన్స్ ఉంది, అదే విశేషణాలతో ఉంది. కానీ చివర ఒక హద్దు గీశారు. ఈ హక్కులు మా సేవలని నడపడానికీ అందించడానికీ మాత్రమే అని రాసి, ఉదాహరణలు కూడా ఇచ్చారు: మీ ప్రొఫైల్ ఫొటో చూపించడం, మెసేజ్ చేరవేయడం, అవతలి వాళ్ల ఫోన్ ఆఫ్‌లో ఉంటే చేరని మెసేజ్‌ని 30 రోజుల దాకా సర్వర్‌లో ఉంచడం. ఇది కాలిబాట.

యూట్యూబ్ హద్దు ఇంతకంటే వెడల్పు. తన సేవకి సంబంధించి, తన వ్యాపారానికి సంబంధించి వాడుకుంటామంటుంది. తన ప్రచారం కూడా అందులో భాగమే అని విడిగా చెబుతుంది. అంటే మీ వీడియోలోని ఒక ముక్క యూట్యూబ్ సొంత ప్రకటనలో కనబడినా మీరు ఇచ్చిన అనుమతి కిందికే వస్తుంది. ఇది బండి బాట.

ఎక్స్ షరతుల్లో `for any purpose` అని ఉంటుంది, ఏ ప్రయోజనానికైనా అని. ఇప్పుడున్న మాధ్యమాల్లోనే కాదు, ఇకముందు రాబోయే మాధ్యమాల్లో కూడా అని ఉంటుంది. 2024 నవంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన షరతుల్లో, మీరు పెట్టినవాటితో తమ ఏఐ మోడళ్లకి శిక్షణ ఇచ్చుకోవచ్చని కూడా చేర్చారు. ఇక్కడ మీ పొలానికి గట్లు లేవు. ఒక రాజకీయ అభిప్రాయమో క్రికెట్ స్కోరో పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు కానీ, ఉప్పాడ ఫొటోని నేను అక్కడ పెట్టలేదు.

ఇన్‌స్టాగ్రామ్ పేరాలో `for` అంటూ ప్రయోజనం చెప్పే మాట ఇంత స్పష్టంగా ఉండదు. దాని బదులు కుండలీకరణాల్లో ఒక చిన్న హద్దు ఉంటుంది: మీ ప్రైవసీ, యాప్ సెట్టింగ్‌లకి లోబడి. దాన్ని చూడకుండా దాటేయకండి. మీ ఖాతాని ప్రైవేట్‌గా మార్చితే, ఆ సెట్టింగ్ మీ లైసెన్స్‌ని కూడా నిజంగా కుదిస్తుంది. ఖాతా పబ్లిక్‌గా ఉంటే ఆ హద్దు వల్ల మీకు ఒరిగేది తక్కువ.

డిలీట్ చేస్తే లైసెన్స్ ఎప్పుడు ముగుస్తుంది

ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్ట్‌ని డిలీట్ చేస్తే అది ముందు `Recently Deleted` అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. మీరు అక్కడికి వెళ్లి మళ్లీ తీసేయకపోతే 30 రోజులు అక్కడే ఉంటుంది. ఆ తర్వాత కూడా వాళ్ల సిస్టమ్‌ల్లోంచి పూర్తిగా పోవడానికి 90 రోజుల దాకా పట్టవచ్చని షరతులు చెబుతాయి. లైసెన్స్ ముగిసేది మీరు బటన్ నొక్కిన రోజున కాదు, వాళ్ల సిస్టమ్‌ల్లోంచి తొలగిపోయిన రోజున. తొందరగా తీసేయాలంటే ఆ ఫోల్డర్‌లోంచి కూడా చేత్తో డిలీట్ చేయండి, కనీసం ఆ 30 రోజులు కలిసొస్తాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మీ ఫొటోని షరతుల ప్రకారమే ఇంకొకరు వాడుకుని, వాళ్లు దాన్ని తీసేయకపోతే, వాళ్లు తీసేసేదాకా ఆ మేరకి లైసెన్స్ కొనసాగుతుంది.

యూట్యూబ్ ఇన్ని రోజులని లెక్క చెప్పదు. వ్యాపారపరంగా సమంజసమైన కాలం వరకు అంటుంది. పైగా డిలీట్ చేసిన వీడియో కాపీని సర్వర్‌లో ఉంచుకోవచ్చు, కాకపోతే ఎవరికీ చూపించం, పంచం అని హామీ ఇస్తుంది. వీడియోని `Unlisted` చేస్తే లైసెన్స్ ఇవ్వనట్టే అని కొందరు అనుకుంటారు. అది లింక్ లేనివాళ్లకి కనబడకుండా చేస్తుంది, అంతే. ఫైల్ వాళ్ల దగ్గరికి చేరిన క్షణాన లైసెన్స్ ఇచ్చేశారు.

మూడోవాళ్లు వాడుకుంటే

మళ్లీ `sub-licensable` దగ్గరికి వద్దాం. మన ఫొటోలు ఎక్కువగా పోయేది ప్లాట్‌ఫామ్ చేతుల్లోంచి కాదు, దాని మీద చూసిన మూడోవాళ్ల చేతుల్లోంచి. "ఆన్‌లైన్‌లో ఉంది కదా, అందరిదీ" అనే మాట వినని ఫొటోగ్రాఫర్ ఉండడు. ఈ మాట కోర్టు ముందు నిలబడుతుందా అన్నది అమెరికాలో ఒక కేసు తేల్చింది.

2010 జనవరి 12న హైతీలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ దేశానికే చెందిన డేనియల్ మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ ఆ గంటల్లోనే వీధుల్లో తిరిగి ఫొటోలు తీసి, అప్పట్లో ట్విటర్‌కి అనుబంధంగా నడిచిన ట్విట్‌పిక్ అనే ఫొటో సైట్‌లో పెట్టాడు. ఇంకొక వ్యక్తి వాటిని తన ఖాతాలో తనవిగా పెట్టుకున్నాడు. ఏఎఫ్‌పీ వార్తా సంస్థ అక్కణ్నుంచి తీసుకుంది, ఫొటోలు అమ్మే గెటీ ఇమేజెస్ సంస్థ ద్వారా అవి ప్రపంచమంతటా వెళ్లాయి. మోరెల్ నిలదీస్తే, ట్విటర్ షరతుల ప్రకారం అక్కడ పెట్టినవి ఇతరులు కూడా వాడుకోవచ్చు అని ఏఎఫ్‌పీ వాదించింది. న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఆ వాదనని ఒప్పుకోలేదు. మీరు ప్లాట్‌ఫామ్‌కి ఇచ్చిన లైసెన్స్ దారిన పోయే ప్రతి ఒక్కరికీ ఇచ్చినట్టు కాదని తేల్చింది. 2013 నవంబరులో జ్యూరీ మోరెల్‌కి సుమారు 12 లక్షల డాలర్లు ఇవ్వమని చెప్పింది.

కాబట్టి ఎవరైనా నా ఉప్పాడ ఫొటోని స్క్రీన్‌షాట్ తీసి ఊళ్లో ఫ్లెక్సీ వేయిస్తే, ఇన్‌స్టాగ్రామ్ షరతుల్లో వాళ్లని కాపాడే వాక్యం ఒక్కటీ లేదు. నా స్నేహితుడు యాప్‌లోని షేర్ బటన్ నొక్కి తన స్టోరీలో పెడితే అది సరే, ఆ బటన్ ఉన్నదే అందుకు. యూట్యూబ్ షరతులు దీన్ని ఇంకా తేటగా చెబుతాయి: ఇతర వాడుకరులకి కూడా మీరు లైసెన్స్ ఇస్తున్నారు, కానీ మా ఫీచర్ల ద్వారా ఎంత వీలవుతుందో అంతవరకే. ప్లే చేసి చూడటం అందులోకి వస్తుంది. డౌన్‌లోడ్ చేసి తన ఛానెల్‌లో మళ్లీ పెట్టుకోవడం రాదు.

చిక్కంతా ఎంబెడ్ దగ్గర వస్తుంది. ఎంబెడ్ అంటే మీ పోస్ట్ ఇన్‌స్టాగ్రామ్ సర్వర్‌లోనే ఉండి, ఇంకొక వెబ్‌సైట్ పేజీలో చట్రం కట్టినట్టు కనబడటం. స్టెఫనీ సింక్లెయిర్ అనే ఫొటో జర్నలిస్ట్ ఫొటో కోసం 2016లో మ్యాషబుల్ సైట్ 50 డాలర్లు ఇస్తామంది. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్లు ఆమె పబ్లిక్ ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్‌ని ఎంబెడ్ చేసేశారు. ఆమె కోర్టుకి వెళ్లింది. ఇన్‌స్టాగ్రామ్‌కి ఆమె ఇచ్చిన లైసెన్స్‌లో సబ్‌లైసెన్స్ ఉంది, అది మ్యాషబుల్‌కి చేరింది అని 2020 ఏప్రిల్‌లో న్యాయమూర్తి కేసు కొట్టేశారు. రెండు నెలలకి, జూన్‌లో, అదే న్యాయమూర్తి మళ్లీ చూసి, సబ్‌లైసెన్స్ నిజంగా ఇచ్చారని ఈ దశలో తేల్చలేం అని వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ తరఫున కూడా, ఎంబెడ్ చేసేవాళ్లకి మేం సబ్‌లైసెన్స్ ఇవ్వడం లేదు, ఫొటో యజమాని అనుమతి వాళ్లే తెచ్చుకోవాలి అని చెప్పారు. ఒక్క విశేషణం మీద ఒక మనిషి కష్టం ఇలా అటూ ఇటూ ఊగింది. అందుకే దాని దగ్గర ఆగమన్నాను.

మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. 2021 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ ఎంబెడ్‌ని ఆపుకునే సెట్టింగ్ తెచ్చింది. మెనూలు తరచూ మారతాయి కాబట్టి సెట్టింగ్‌ల పైన ఉండే వెతుకు పెట్టెలో `embed` అని కొట్టండి. దాన్ని ఆఫ్ చేస్తే మీ పోస్ట్‌ని వేరే సైట్లు చట్రంలో పెట్టుకోలేవు. యూట్యూబ్‌లో అయితే వీడియో వివరాల్లో `Allow embedding` పక్కన టిక్ తీసేయాలి. ఇప్పటికే ఎవరైనా ఎంబెడ్ చేసి ఉంటే, మీరు అసలు పోస్ట్‌ని తీసేసిన క్షణాన అక్కడి బొమ్మ కూడా ఖాళీ అవుతుంది. బొమ్మ అలాగే ఉండిపోయిందంటే అది ఎంబెడ్ కాదు, కాపీ చేసుకున్నారు. కోర్టులో పెద్ద తేడా తెచ్చే విషయం ఇంత తేలిగ్గా తెలిసిపోతుంది. కానీ పోస్ట్ తీసే ముందే ఆ పేజీ స్క్రీన్‌షాట్, చిరునామా, తేదీ దాచుకోండి.

మీరు ఇస్తున్న మాట

అదే షరతుల్లో ఇంకో వాక్యం ఉంటుంది, చాలామంది చూడరు. ఈ ఫొటో మీద హక్కు నాకు ఉంది, లైసెన్స్ ఇవ్వగలను అని మీరు హామీ ఇస్తున్నారు. మీది కానిదాన్ని అప్‌లోడ్ చేస్తే, మీ చేతిలో లేని హక్కుని రాసిచ్చినట్టు.

మన దగ్గర ఈ ప్రశ్న ఎక్కువగా పెళ్లి ఫొటోల దగ్గర వస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి యజమాని. అంటే పెళ్లివారు డబ్బిచ్చి స్టూడియోతో తీయించుకున్న తలంబ్రాల ఫొటోకి హక్కుదారులు పెళ్లివారే. స్టూడియోవాళ్లు దాన్ని తమ పేజీలో పెట్టుకోవాలంటే అడగాలి. బుకింగ్ కాగితంలో హక్కులు స్టూడియోవే అని ఉండి మీరు సంతకం పెడితే మాత్రం లెక్క తిరగబడుతుంది. అడ్వాన్స్ ఇచ్చే రోజున ఆ కాగితం వెనకవైపు కూడా చదవండి. మీరే ఫొటోగ్రాఫర్ అయితే, పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే అనుమతిని అదే కాగితంలో ఒక వరసగా రాయించుకోండి.

పెళ్లి వీడియోకి సినిమా పాట కలిపితే ఆ పాట హక్కు మీది కాదు. యూట్యూబ్ దాన్ని గుర్తుపట్టి, ప్రకటనల డబ్బు పాట హక్కుదారులకి మళ్లించవచ్చు, లేదా వీడియోనే ఆపేయవచ్చు.

పెద్ద ఫైల్ ఇంట్లోనే ఉంచండి

లైసెన్స్ వర్తించేది మీరు అప్‌లోడ్ చేసిన ఫైల్‌కి. కాబట్టి చిన్న ఫైల్ పంపండి. నా కెమెరా ఫైల్ 6000 పిక్సెల్‌ల వెడల్పు. అచ్చుకి సాధారణంగా అంగుళానికి 300 పిక్సెల్‌లు కావాలనుకుంటే అది 20 అంగుళాల వెడల్పు బొమ్మగా నిలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌కి నేను 1080 పిక్సెల్‌లకి తగ్గించి పంపుతాను. ఫోన్ తెర మీద అది బ్రహ్మాండంగా ఉంటుంది, అచ్చు వేస్తే మాత్రం 3.6 అంగుళాలు దాటగానే పాడవుతుంది. ఫ్లెక్సీవాళ్లు దూరం నుంచి చూసే బొమ్మ కాబట్టి సర్దుకుంటారు, పుస్తకం, కేలండర్ వేసేవాళ్లకి మాత్రం కుదరదు. వాళ్లు పెద్ద ఫైల్ కోసం నా దగ్గరికి రావాల్సిందే. పైగా ఎప్పుడైనా "ఇది నాది" అని చూపించాల్సి వస్తే, తేదీ, కెమెరా వివరాలన్నీ లోపల ఉన్న అసలు ఫైల్ నా దగ్గరే ఉంటుంది. అప్‌లోడ్ చేసిన కాపీల్లో ఆ వివరాలు చాలావరకు చెరిగిపోతాయి.

పోటీల దగ్గర మళ్లీ మొదటి నుంచి చదవండి

ఇన్ని జాగ్రత్తలు తెలిసి కూడా ఉప్పాడ ఫొటో విషయంలో నేను ఒకచోట దెబ్బతిన్నాను. ఒక పర్యాటక సంస్థ ఫొటో పోటీ పెట్టింది. ఇన్‌స్టాగ్రామ్‌లో వాళ్ల హ్యాష్‌ట్యాగ్ పెట్టి, పెద్ద ఫైల్‌ని వాళ్ల ఫారంలో అప్‌లోడ్ చేయాలి. ఇన్‌స్టాగ్రామ్ పేరా నాకు కంఠతా వచ్చు కదా అని ధైర్యంగా పంపించాను. పోటీ నియమాలు వేరే పేజీలో ఉన్నాయి, నేను తెరవలేదు. బహుమతి రాలేదు. కొత్త సంవత్సరానికి వాళ్ల కేలండర్‌లో మే నెల పేజీ మీద మా పెద్దాయన, ఆయన వల. నా పేరు ఎక్కడా లేదు. అడిగితే, ఏడో నియమం చూడండి అన్నారు. వచ్చిన ఎంట్రీలన్నీ సంస్థ సొత్తు అవుతాయని అక్కడ ఉంది. గెలిచినవే కాదు, వచ్చినవన్నీ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కేలండర్ చూపిస్తే పెద్దాయన సంతోషించాడు, కానీ అది వేసినవాళ్లెవరో ఆయనకి తెలియదు.

ప్లాట్‌ఫామ్ షరతులు ఎంత మెతకగా ఉన్నా, దాని మీద నడిచే పోటీకి విడి షరతులుంటాయి. అక్కడ `licen` ఒక్కటే వెతికితే సరిపోదు. `property`, `assign`, `exclusive`, `perpetual`, `all entries` అనే మాటలు కూడా వెతకండి. మొదటి రెండూ యాజమాన్యమే పోతుందనడానికి గుర్తులు, `perpetual` అంటే శాశ్వతంగా. `all entries` పక్కన ఇవేవైనా ఉంటే పాల్గొనకండి, లేదా మీకు మళ్లీ అక్కర్లేని ఫొటో పంపండి.

బ్రాండ్ పేజీలు మీ పోస్ట్ కింద "చాలా బాగుంది, మా పేజీలో పెట్టుకోవచ్చా? ఫలానా హ్యాష్‌ట్యాగ్‌తో రిప్లై ఇవ్వండి" అని అడగడం కూడా ఇలాంటిదే. ఆ హ్యాష్‌ట్యాగ్ వెనక వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక షరతుల పేజీ ఉంటుంది, మీ ఒక్క రిప్లై దానికి సంతకం. నేను ఇప్పుడు హ్యాష్‌ట్యాగ్ కొట్టను. నా మాటల్లోనే జవాబు రాస్తాను, మీరూ ఇలాగే రాసుకోవచ్చు:

"ధన్యవాదాలండీ. ఈ ఫొటోని మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఒకసారి, నా పేరు, నా ఖాతా ట్యాగ్‌తో పెట్టుకోవడానికి అనుమతి ఇస్తున్నాను. కత్తిరించడం, ప్రకటనల్లో వాడటం, అచ్చు వేయడం, వేరేవాళ్లకి ఇవ్వడం ఇందులో లేవు. వాటికి విడిగా మాట్లాడుకుందాం. మీ హ్యాష్‌ట్యాగ్ షరతులకి ఇది అంగీకారం కాదు."

ఇలా రాసి పంపాక ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్‌ని అసలు ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. అనుమతి లేకుండా ప్లాట్‌ఫామ్ మీద మీ ఫొటో ఎక్కడైనా కనబడితే, వాళ్ల కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపేటప్పుడు ఈ ఫోల్డరే పనికొస్తుంది. ఫారంలో మీరిచ్చే పేరు, ఈమెయిల్ అవతలివాళ్లకి చేరవచ్చు కాబట్టి, రోజూ వాడే ఈమెయిల్ కాకుండా దీనికోసమే ఒకటి తెరిచి పెట్టుకోండి.